‘🏠లో’ అంటే ఇల్లులోనా, ఇంట్లోనా?

మా తమ్ముడి కూతురు ఒకటో తరగతి. గుణింతాలు వచ్చాయి, ఒత్తులు ఇంకా పూర్తిగా రాలేదు. సెలవులకి వచ్చినప్పుడు దాని కోసం ఒక కథ రాశాను. కష్టమైన పేర్లు వచ్చిన చోటల్లా ఫోన్లో ఉండే ఎమోజీ పెట్టి, ప్రింటు తీసి చేతికిచ్చాను. కథ ఇంతే:

> ఒక 🐒 ఉంది. అది 🌳 మీద ఉంది.
> ఒక 🐘 వచ్చింది. అది 🌳 కింద ఆగింది.
> 🐘కి 🥭 కావాలి. 🐒 🥭 కోసి 🐘కి ఇచ్చింది.
> 🐒కి 🍌 కావాలి. 🏠లో 🍌 ఉంది. 🐘 🍌 తెచ్చి 🐒 ✋లో పెట్టింది.
> 🌧️ వచ్చింది. రెండూ 🏠కి వెళ్ళాయి.

మొదటి వాక్యం చకచకా చదివింది. ‘వచ్చింది’ దగ్గర కాస్త ఆగి, కూడబలుక్కుని దాటింది. ‘🏠లో’ దగ్గరికి వచ్చేసరికి ‘ఇల్లులో’ అంది. అని, తనకే అది నచ్చక నా మొహంలోకి చూసింది. ‘✋లో’ని ‘చెయ్యిలో’ అని చదివింది. చివరి వాక్యం దగ్గర కాగితం పక్కన పెట్టేసి, “పెదనాన్నా, ఇల్లుకి అనాలా, ఇంటికి అనాలా? ఇక్కడ ఇల్లే కదా ఉంది!” అని అడిగింది.

తప్పు దానిది కాదు, నాది. బొమ్మ పెడితే చదవడం సులువవుతుందనుకున్నాను. కొన్నిచోట్ల అయింది కూడా. ఎక్కడ సులువైంది, ఎక్కడ చిక్కు పడింది, ఎందుకు అని వెతుక్కుంటూ పోతే విషయం పిల్లల కథ దాటి, మెదడు అక్షరాన్ని ఎలా పట్టుకుంటుందనే దాకా, తెలుగు మాట ఎలా వంగుతుందనే దాకా వెళ్ళింది.

బొమ్మకి అర్థం ముందు, పేరు తరవాత

ఏనుగు బొమ్మ చూడగానే అది ఏనుగని తెలిసిపోతుంది. ‘ఏనుగు’ అనే మాట నోటికి రావడం మాత్రం ఆ తరవాతి పని. ఈ రెంటికీ మధ్య ఉన్న ఎడం చాలా చిన్నది కాబట్టి మనం గమనించం. 1886లోనే జేమ్స్ కాటెల్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త దాన్ని కొలిచాడు. జర్మనీలోని లైప్‌జిగ్‌లో పనిచేస్తూ, పెద్దవాళ్ళు ఒక మాటను చూసి పైకి చదవడానికి ఎంతసేపు పడుతుందో, అదే వస్తువు బొమ్మ చూసి పేరు చెప్పడానికి ఎంతసేపు పడుతుందో పోల్చాడు. బొమ్మకే ఎక్కువసేపు పట్టింది.

వింతగా అనిపించినా కారణం తేలికే. అక్షరాలు నేరుగా శబ్దాన్ని చెబుతాయి. ‘ఏ-ను-గు’ అని రాసి ఉంటే అర్థం తెలియకపోయినా పలకవచ్చు. బొమ్మ నేరుగా చెప్పేది అర్థాన్ని. పేరు కావాలంటే ఆ అర్థం నుంచి మన జ్ఞాపకంలోకి వెళ్ళి, అక్కడున్న మాటల్లోంచి ఒకదాన్ని ఏరుకుని తేవాలి. అక్షరం వీధి గుమ్మం లాంటిది, తలుపు తీస్తే శబ్దం ఎదురుగా ఉంటుంది. బొమ్మ పెరటి గుమ్మం. లోపలికి ఇట్టే రానిస్తుంది గానీ, వీధిలోకి రావాలంటే ఇల్లంతా దాటుకుని రావాలి.

ఒకటో తరగతి పిల్లకి ఈ లెక్క తలకిందులుగా ఉంటుంది. దాని వీధి గుమ్మం ఇంకా గట్టిగా బిగుసుకునే ఉంది. ఒక్కో అక్షరాన్ని గుర్తుపట్టి, పలికి, ముందు పలికింది మరిచిపోకుండా పట్టుకుని, వెనక దాన్ని అతికించాలి. ‘మా-మి-డి-పం-డు’ అనే ఐదక్షరాలు చివరికి చేరేలోపు ‘మా’ జారిపోవచ్చు. పెరటి గుమ్మం మాత్రం రెండేళ్ళ వయసు నుంచీ తెరిచే ఉంది. అందుకే పెద్దవాళ్ళకి ఎమోజీ కథ నత్తనడకలా, పిల్లలకి పరుగులా అనిపిస్తుంది.

అర్థం మటుకు పెద్దవాళ్ళకీ చెడదు. 1986లో మేరీ పాటర్ బృందం అమెరికాలో ఒక ప్రయోగం చేసింది. వాక్యంలోని మాటల్ని తెర మీద ఒకదాని తరవాత ఒకటి చాలా వేగంగా చూపిస్తూ, మధ్యలో ఒక నామవాచకం బదులు దాని బొమ్మ పెట్టారు. చూసినవాళ్ళకి వాక్యం దాదాపు మామూలుగానే అర్థమైంది. మెదడు బొమ్మను చూసి పేరు తెచ్చుకునేదాకా ఆగడం లేదన్నమాట. అర్థాన్ని అక్కడికక్కడే వాక్యంలో కలిపేసుకుంటోంది.

కానీ పిల్లలు మౌనంగా చదవరు, పైకి చదువుతారు. పైకి చదవాలంటే పేరు కావాలి. తెలుగులో అయితే ఒట్టి పేరు కూడా చాలదు.

> పేర్లకే ఎమోజీ ఎందుకు?
> ఎమోజీ జపనీయుల మాట. ‘ఎ’ అంటే బొమ్మ, ‘మోజి’ అంటే అక్షరం. 1999లో డొకోమో అనే జపాన్ ఫోన్ కంపెనీ కోసం షిగెతాకా కురితా 176 చిన్న బొమ్మలు గీశాడు. ఒక్కోటి పన్నెండు చుక్కల పొడవు, పన్నెండు చుక్కల వెడల్పు. 2010లో యూనికోడ్ ఎమోజీలను తన పట్టికలో చేర్చాక అవి అన్ని ఫోన్లకీ పాకాయి.
> కోతిని గీయవచ్చు. ‘కోసింది’ని గీస్తే అది కోసిందో, కోస్తోందో, కోయబోతోందో తెలియదు. ‘కానీ’, ‘అయితే’లను గీయడానికి అసలు ఏముంది? కంటికి ఆనే వస్తువులకే బొమ్మ నిలుస్తుంది. వాటిలోనూ అన్నీ దొరకవు. మామిడి, నెమలి ఎమోజీలు 2018లో, ఆటో, చీర, ప్రమిద 2019లో వచ్చాయి. పల్లెటూరి కథ రాద్దామని కూర్చుంటే వేపచెట్టు దొరకదు. ఎలుకకి మాత్రం 🐀, 🐁 అని రెండున్నాయి, మనకి రెండూ ఎలుకే.

అతుకు దగ్గర అసలు కథ

ఇంగ్లీషులో ఇల్లు ఎక్కడున్నా అదే మాట. ‘లో’, ‘కి’ లాంటివి విడి మాటలుగా ముందు వస్తాయి కాబట్టి, పేరు తీసేసి బొమ్మ పెట్టినా పక్కవాటికి ఏమీ కాదు. ఇలాంటి బొమ్మల కథలు ఆ భాషలో పాతకాలం నుంచీ అచ్చవుతున్నాయి. మనకి ప్రత్యయం పేరుకి వెనక అతుక్కుంటుంది. అతుక్కునేటప్పుడు ఒక్కోసారి పేరునే మార్చేస్తుంది.

ఏనుగు, ఏనుగుకి. కోతి, కోతికి. ఇక్కడ అతుకు కనబడదు. బొమ్మ పక్కన ‘కి’ పెడితే సరిపోతుంది. ఇల్లు అలా కాదు. ‘లో’ వస్తే ‘ఇంట్లో’, ‘కి’ వస్తే ‘ఇంటికి’. చెయ్యి ‘చేతిలో’ అవుతుంది. కన్ను ‘కంటికి’, నోరు ‘నోట్లో’, కాలు ‘కాలికి’. ‘కి’ వంటి విభక్తి ముందు పేరు వేసుకునే ఈ రెండో రూపాన్ని వ్యాకరణంలో ఔపవిభక్తిక రూపం అంటారు. పేరు పెద్దదే గానీ, ఈ పని మన పిల్లలంతా బడికి వెళ్ళకముందే తప్పు లేకుండా చేస్తారు. మా పిల్ల అన్నం తినేటప్పుడు ‘చెయ్యిలో’ అని ఎన్నడూ అనదు. కాగితం మీద చెయ్యి బొమ్మ పక్కన విడిగా ‘లో’ కనబడితే మాత్రం అంది. బొమ్మ దానికి నిఘంటువులో ఉండే రూపాన్ని ఇచ్చింది, ‘చెయ్యి’. దాని వెనక ‘లో’ తగిలించమని కాగితం చెప్పింది. అది చెప్పినట్టే చేసింది.

ఇలా మారే మాటలు ఏవో అరుదైనవి కావు. ఇల్లు, ఊరు, నీరు, కన్ను, కాలు, చెయ్యి, నోరు, రాయి, అన్నీ రోజూ వాడేవే. వాటి పాత మార్పులు ఇప్పటికీ నిలిచి ఉన్నది కూడా రోజూ నోట్లో నానడం వల్లే. ఎప్పుడో గానీ వాడని మాటని జనం మామూలు అచ్చులో పోసేస్తారు. రోజూ పలికే మాట తన పాత వంపును కాపాడుకుంటుంది. పిల్లల కథల్లో ఎక్కువగా వచ్చేవీ ఈ మాటలే కాబట్టి ఎమోజీ పెట్టేవాడికి ఇదొక ఉచ్చు.

‘ం’తో ముగిసే మాటలది ఇంకో తిరకాసు. పుస్తకం, ‘పుస్తకంలో’ అయితే ఇబ్బంది లేదు. ‘కి’ తగిలితే ‘పుస్తకానికి’. 📕 పక్కన ‘కి’ రాస్తే పిల్లలు ‘పుస్తకంకి’ అంటారు. పోనీ మారిన భాగం మొత్తం బొమ్మ పక్కన రాద్దామంటే అది ‘ానికి’ అవుతుంది. దీర్ఘానికి ఎక్కడానికి అక్షరం కావాలి కదా, బొమ్మ మీద ఎక్కలేదు. కాబట్టి ఫోన్లోనో కంప్యూటర్లోనో చాలాసార్లు ఒక చుక్కల సున్నా వచ్చి కూర్చుంటుంది. ఆధారం లేని గుణింతపు గుర్తుకి యంత్రం వేసే తాత్కాలికపు పీట అది.

ఒక చోట మాత్రం ఈ అతుకు మనకి మేలు చేస్తుంది. రాతలో ఇకారంతో ముగిసే పేర్లకి ‘కి, ని’, మిగతా వాటికి ఎక్కువగా ‘కు, ను’ వాడతాం. పులికి, పులిని. ఏనుగుకు, ఏనుగును. మాట్లాడేటప్పుడు చాలాచోట్ల అన్నిటికీ ‘కి’ అనేస్తాం, నా కథలో నేనూ అదే రాశాను. రాత పద్ధతే పాటిస్తే ప్రత్యయం ఒక సైగ అవుతుంది. పసుపు మీద నల్లచారలో మచ్చలో ఉన్న జంతువు పక్కన ‘ని’ ఉంటే ‘పులి’ అని ధైర్యంగా అనవచ్చు. ‘ను’ ఉంటే పిల్ల చదివిన పేరు తప్పేమో, ‘చిరుత’ కాబోలని మళ్ళీ బొమ్మ చూడవచ్చు. జపనీయులు రోజూ చేసేది దీనికి దగ్గరగానే ఉంటుంది. మాట మూలానికి చైనా నుంచి వచ్చిన గుర్తు వేసి, తోకను మాత్రం తమ శబ్దాక్షరాలతో రాస్తారు. ఆ తోకను చూసి గుర్తును ఎలా పలకాలో తేల్చుకుంటారు. ఎమోజీ పుట్టింది ఆ దేశంలోనే అన్నది నాకు కాకతాళీయంగా అనిపించదు.

చదివినట్టే ఉంటుంది, చదవదు

ఇప్పుడు ఇబ్బందికరమైన ప్రశ్న. ‘🐒 🌳 మీద ఉంది’ అని గడగడా చెప్పిన పిల్ల చదివినట్టా?

1971లో పాల్ రోజిన్, ఇంకో ఇద్దరు అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక పని చేశారు. ఇంగ్లీషు చదవడం రాక వెనకబడ్డ రెండో తరగతి పిల్లల్ని తీసుకుని, వాళ్ళకి 30 చైనా గుర్తులు నేర్పారు. ఒక్కో గుర్తుకీ ఒక ఇంగ్లీషు మాట. కొద్ది గంటల్లోనే ఆ పిల్లలు ఆ గుర్తులతో రాసిన వాక్యాలను చదివేశారు. కళ్ళూ బాగానే ఉన్నాయి, జ్ఞాపకమూ బాగానే ఉంది, వాక్యం అర్థం చేసుకోవడమూ వచ్చు. వాళ్ళకి రానిది ఒకటే, మాటను ముక్కలుగా విడగొట్టి ఆ ముక్కల శబ్దాలను కలపడం. ఒక్కో గుర్తు ఒక్కో మాటైతే ఆ పనితో అవసరమే లేదు.

ఎమోజీ కూడా సరిగ్గా ఆ పనినే తీసేస్తుంది. కాబట్టి ఎమోజీ ఉన్నచోట పిల్ల చదవడం సాధన చేయడం లేదు. చుట్టూ ఉన్న మాటల దగ్గరే చేస్తోంది.

పోనీ మాటా, బొమ్మా పక్కపక్కనే పెడితే? నేనూ అలాగే అనుకున్నాను. 1967లో జే శామ్యూల్స్ అచ్చువేసిన ప్రయోగం చూశాక ఆ నమ్మకం సడలింది. బడిలో అప్పుడే అడుగుపెట్టిన పిల్లలకి కొన్ని మాటలు నేర్పారు, కొందరికి పక్కన బొమ్మతో, కొందరికి బొమ్మ లేకుండా. నేర్చుకునేటప్పుడు బొమ్మ ఉన్నవాళ్ళే చక్కగా చెప్పారు. తరవాత బొమ్మలు తీసేసి అడిగితే బొమ్మ లేకుండా నేర్చుకున్నవాళ్ళకే ఎక్కువ మాటలు వచ్చాయి. జవాబు బొమ్మలో దొరుకుతుంటే కళ్ళు అక్షరాల మీద ఎందుకు నిలుస్తాయి?

దీన్ని ఇంట్లోనే కనిపెట్టవచ్చు. కథ చదివిన మర్నాడు ఒట్టి కాగితం మీద, బొమ్మ లేకుండా ‘చెట్టు’ అని రాసి చూపించండి. మా పిల్ల ‘చెటు’ అని, ఇంకేమీ తోచక ఊరుకుంది. ముందురోజు రెండుసార్లు ‘చెట్టు’ అని చెప్పిన పిల్లే.

రెండో ప్రతి

కాగితం తీసుకుని నా కథనే లెక్కగా చూశాను. పంతొమ్మిది చోట్ల ఎమోజీ పెట్టాను. వేరువేరు పేర్లు ఎనిమిది. వాటిలో కోతి, ఏనుగు, వాన, మామిడిపండు, అరటిపండు, ఈ ఐదింటికీ ఒత్తులే లేవు. కోతి, ఏనుగు, వాన ఆ పిల్ల అక్షరాల్లోనే చదవగలదు. అంటే అది చేయగల పనిని నేను లాక్కున్నాను. ఒత్తులున్న పేర్లు మూడు: చెట్టు, ఇల్లు, చెయ్యి. వీటిలో ఇల్లు, చెయ్యి ప్రత్యయం తగలగానే మారిపోతాయి. అక్షరాల్లో కష్టంగా ఉండి, రూపం మారకుండా నిలిచేది ఒక్క చెట్టు. ఆ కథలో నిజంగా ఎమోజీ కావలసింది దానికే.

ఇంకా పెద్ద పొరపాటు పేర్లలో లేదు. వచ్చింది, ఇచ్చింది, తెచ్చి, పెట్టింది, వెళ్ళాయి. అక్షరాల్లో మిగిలిన ఒత్తులన్నీ క్రియల్లోనే ఉన్నాయి! తెలుగు కథ జరిగిపోయిన సంగతి చెప్పాలంటే వెంటనే ‘చ్చిం’, ‘ట్టిం’, ‘ళ్ళిం’ వచ్చి పడతాయి. క్రియకి ఎమోజీ లేదు. ఇంగ్లీషు పద్ధతి చూసి పేర్లు తీసేస్తే, సులువైనవి బొమ్మలై, కష్టమైనవి అక్షరాల్లో మిగిలిపోతాయి.

అదృష్టవశాత్తూ ఒత్తు లేని క్రియలూ ఉన్నాయి. అడిగింది, కోసింది, దిగింది, కదిలింది, వెతికింది, దొరికింది. వాటితోనే నడిచేలా కథను తిరగరాశాను. మామిడిపండు, అరటిపండు ఐదేసి అక్షరాల పొడవున ఉన్నాయి కాబట్టి వాటికి బొమ్మ ఉంచాను. వాటికి ప్రత్యయం తగలకుండా చూశాను. ప్రాణం లేని వస్తువు కర్మ అయితే తెలుగులో ‘ని, ను’ లేకుండానే చెల్లిపోతుంది, అది కలిసొచ్చింది. ఇల్లు, చెయ్యి కథలోంచే వెళ్ళిపోయాయి.

> ఒక కోతి. అది 🌳 మీద ఉంది.
> ఒక ఏనుగు. అది 🌳 కింద ఉంది.
> ఏనుగు 🥭 అడిగింది. కోతి 🥭 కోసింది.
> కోతి 🍌 అడిగింది. ఏనుగు 🍌 వెతికింది. 🍌 దొరికింది.
> వాన మొదలైంది. కోతి దిగింది. ఏనుగు కదిలింది.
> చెట్టు తడిసింది.

పంతొమ్మిది ఎమోజీలు ఏడయ్యాయి. కథ మొత్తంలో ఒత్తు ఒక్కటే, అదీ చివరి వాక్యంలో. అక్కడ బొమ్మ కావాలనే పెట్టలేదు. పై నుంచీ రెండుసార్లు 🌳ని ‘చెట్టు’ అని పలికి వచ్చిన పిల్లకి ఆ మాట నోట్లో సిద్ధంగా ఉంటుంది. ‘చె’ తెలుసు, ‘టు’ దాదాపు తెలుసు, వానలో తడిసేదేమిటో కథ చెబుతోంది. సగం అక్షరాల నుంచి, సగం కథ నుంచి అందుకుని, తెలియని ఒత్తును తనే తేల్చుకోవాలి. డేవిడ్ షేర్ అనే పరిశోధకుడు 1995లో దీన్ని పిల్లలు తమకి తామే పాఠం చెప్పుకోవడంగా వివరించాడు. ఒక్కో కొత్త మాటనీ ఎవరో నేర్పనక్కర్లేదు. చేతనైనంత కూడబలుక్కుని, సరైన మాటకి చేరిన ప్రతిసారీ ఆ మాట అక్షరరూపం మెదడులో కొంత గట్టిపడుతుంది. కూడబలుక్కునే పని జరగాలి, అదొక్కటే షరతు. బొమ్మ ఉంటే అది జరగదు. లేనప్పుడు, మాట కొద్దిగా అందేంత దూరంలో ఉంటే జరుగుతుంది.

ఈ కథ చదువుతూ చివరి వాక్యం దగ్గర మా పిల్ల ఆగింది. “చె... చెటు... చెట్టు! చెట్టు తడిసింది” అంది. తరవాత వేలితో ‘ట్టు’ కింద ఉన్న ఒత్తును తడిమి, “ఇది ఇంకో ట నా?” అని అడిగింది. 🥭ని రెండుసార్లూ ‘మామిడికాయ’ అనే చదివింది. నేను పండు అనుకుని పెట్టాను. కథకి తేడా లేదు కాబట్టి దిద్దలేదు. అలా రెండు పేర్లున్న బొమ్మని, ఏది చదివినా వాక్యం నిలిచే చోటే పెట్టాలి.

మర్నాడు ఒట్టి కాగితం మీద ‘చెట్టు’ రాసి చూపిస్తే చదివింది. ‘పిట్ట’, ‘మెట్టు’ కూడా రాశాను. ‘పిట్ట’ చదివింది. ‘మెట్టు’ను ముందు ‘మెటు’ అని, తనే దిద్దుకుంది. ఒక్క పిల్లతో ఏదీ రుజువు కాదు, ఆ సంగతి నాకు తెలుసు.

మీరు కూడా ఇంట్లో ఇలాంటి కథ రాస్తే, పిల్లలకి ఇచ్చే ముందు ప్రతి ఎమోజీనీ దాని వెనకున్న ‘కి’తో, ‘లో’తో కలిపి ఒకసారి పైకి చదవండి. మీ నోరు తడబడిన చోట బొమ్మ తీసేసి మాట రాయండి.